యార్డుకు రాని రైతును లెక్కలోకి తెచ్చేదెలా?

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో ఎంఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మా మండలంలో మామిడి రైతుల పరిస్థితి మీద ప్రాజెక్టు చేస్తున్నాను. మార్కెట్ యార్డులో పది రోజులు నిలబడి 150 మంది రైతులతో ఫారాలు నింపించాను. ఎన్ని ఎకరాలు, ఈ సీజన్‌లో ఎన్ని లోడ్లు తెచ్చారు, ఎవరికి అమ్మారు, ఫోన్ నంబరు, అన్నీ రాసుకున్నాను. మా గైడ్ చూసి ‘ఇది కన్వీనియన్స్ శాంపిల్, పనికిరాదు, ర్యాండమ్ గానీ స్ట్రాటిఫైడ్ గానీ చెయ్యి’ అన్నారు. నేను ఎవరినీ ఏరుకోలేదు సార్, ఎదురొచ్చిన వాళ్ళని ర్యాండమ్‌గానే అడిగాను. ఇంకో 300 మందిని యార్డులోనే అడిగితే సరిపోదా? మూడు వారాలే టైముంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: సరిపోదమ్మా. 300 కాదు, 3,000 మందిని అడిగినా యార్డులో సరిపోదు. అయితే మీ 150 ఫారాలు మీ గైడ్ అనుకుంటున్నంత పనికిరానివీ కావు. మీకు తెలియకుండానే వాటిలో ఒక మంచి ప్రశ్న పెట్టారు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ‘ర్యాండమ్‌గానే అడిగాను’ అన్న మాట చూద్దాం. మన వాడుకలో ర్యాండమ్ అంటే ముందుగా అనుకోకుండా, ఎవరు తగిలితే వాళ్ళు అని అర్థం. సర్వే లెక్కలో ఆ మాటకి అర్థం దాదాపు దీనికి తలకిందులు. అక్కడ ప్రతి రైతుకీ మీ శాంపిల్‌లో పడే అవకాశం ఎంతో ముందే తెలిసి ఉండాలి. ఆ అవకాశం ఎవరికీ సున్నా కాకూడదు. ఎవరు పడాలన్నది మీ కాళ్ళూ కళ్ళూ కాక చీటీ తేల్చాలి. మీరు ఎవరినీ ఏరుకోలేదు, నిజమే. కానీ మీ బదులు యార్డు ఏరింది. ఇలా అందుబాటులో దొరికినవాళ్ళతో సరిపెట్టుకునేదాన్నే మీ గైడ్ కన్వీనియన్స్ శాంపిల్ అన్నారు.

ఎలా ఏరిందో ఒక చిన్న లెక్కలో చూడండి. అంకెలు ఊహించినవే, గుణకారం తేలిగ్గా ఉండాలని అలా పెట్టాను. ఒక ఊళ్ళో వంద మంది మామిడి రైతులున్నారు. అందులో 20 మందికి తలా పదేసి ఎకరాలు. సీజన్‌లో ఒక్కొక్కరు 10 లోడ్లు యార్డుకు తోలుతారు. ఇంకో 50 మందికి రెండేసి ఎకరాలు, తలా 2 లోడ్లు. మిగిలిన 30 మందికి మూడేసి ఎకరాలున్నాయి గానీ వాళ్ళు పూత దశలోనే తోటను వ్యాపారికి గుత్తకిచ్చేశారు. కాయలు కోసుకుపోయేది వ్యాపారి. వాళ్ళు యార్డు ముఖం చూడరు.

ఈ ఊరి నుంచి యార్డుకు సీజన్ మొత్తంలో వచ్చేవి 300 లోడ్లు. పెద్ద రైతులవి 200, చిన్న రైతులవి 100. గేటు దగ్గర నిలబడి వచ్చిన ట్రాక్టరునల్లా పలకరించే మీకు ఎదురయ్యే ప్రతి ముగ్గురిలో ఇద్దరు పెద్ద రైతులే. ఊళ్ళో చూస్తే వాళ్ళు ఐదుగురిలో ఒకరు. మీ ఫారాల్లో సగటు విస్తీర్ణం 7.3 ఎకరాలని తేలుతుంది. ఊరి అసలు సగటు 3.9 ఎకరాలు. తోట గుత్తకిచ్చినవాళ్ళు ఎందరని అడిగితే మీ ఫారాలు ‘ఒక్కరూ లేరు’ అంటాయి. ఊళ్ళో వాళ్ళు 30 మంది.

ఇక్కడ జరిగినవి ఒకటి కాదు, రెండు తప్పులు. పదిసార్లు వచ్చే రైతు మీ కంటపడే అవకాశం, రెండుసార్లు వచ్చే రైతుకంటే ఐదు రెట్లు ఎక్కువ. ఇది మొదటిది. అసలు రాని రైతుకి అవకాశం సున్నా. ఇది రెండోది. మొదటిదాన్ని లెక్కతో సరిదిద్దుకోవచ్చు. రెండోదాన్ని ఏ లెక్కా సరిదిద్దలేదు. ఈ తేడా పట్టుకుంటే మీ గైడ్ ముందు సగం గట్టెక్కినట్టే.

ఇంకో 300 మందిని కలిపితే ఏమవుతుందో కూడా ఇందులోనే ఉంది. అప్పుడూ ముగ్గురిలో ఇద్దరు పెద్ద రైతులే వస్తారు, సగటు 7.3 దగ్గరే ఉంటుంది. శాతాల విషయంలో 150 మందికి సుమారు 8 శాతం అటూ ఇటూ ఉండే తేడా 450 మందికి నాలుగున్నరకు తగ్గుతుంది. తగ్గి, ఆ తప్పు అంకె చుట్టూనే బిగుసుకుంటుంది. చూసేవాళ్ళకు మాత్రం 450 ఫారాలు, ఎంత కష్టపడిందో అనిపిస్తుంది. అందుకే పెద్ద కన్వీనియన్స్ శాంపిల్ చిన్నదానికంటే ప్రమాదమని నేనంటాను.

ఈ ‘ఎక్కువసార్లు వచ్చేవాడు ఎక్కువగా కంటపడటం’ అనే చిక్కును సూత్రంగా నిలబెట్టినవాళ్ళలో ముఖ్యులు మన తెలుగువారే, సి.ఆర్. రావు గారు. 1920లో పుట్టి 2023లో పోయారు. చిన్నప్పుడు కొంతకాలం మన పక్కన గూడూరులోనూ చదువుకున్నారు. ఆయన మగ విద్యార్థుల చేత ‘మీతో కలిపి మీ ఇంట్లో మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు’ అన్న లెక్క రాయించి చూశారు. అన్నీ కూడితే మగపిల్లలు బాగా ఎక్కువ తేలారు. లోకంలో మగపిల్లలు అంత ఎక్కువై కాదు. కొడుకుల్లేని ఇల్లు ఆ క్లాసులోకి రాలేదు. ముగ్గురు కొడుకులున్న ఇంటికి అక్కడ కనిపించే అవకాశం మూడు రెట్లు. ఏ ఇంటికి ఎన్ని రెట్లు అవకాశముందో తెలిస్తే దాన్ని అన్ని రెట్లూ తగ్గించి చూడాలి. మీ యార్డులో కొడుకుల స్థానంలో లోడ్లున్నాయి, అంతే.

ఇప్పుడు మీ ఫారాల దగ్గరకు వద్దాం. ‘ఎన్ని లోడ్లు తెచ్చారు’ అన్న ప్రశ్న ఉందన్నారే, అదే మిమ్మల్ని ఆదుకునేది. ఒక్కో రైతు జవాబుకి ఇవ్వాల్సిన బరువు, ఒకటిని లోడ్లతో భాగిస్తే వచ్చేది. పది లోడ్ల రైతుకి 0.1, రెండు లోడ్ల రైతుకి 0.5. పై ఊరి లెక్కే తీసుకుంటే మీ 150 ఫారాల్లో 100 పెద్ద రైతులవి, 50 చిన్న రైతులవి అవుతాయి. బరువులేస్తే 100 కాస్తా 10 అవుతుంది, 50 కాస్తా 25. పది మందికి పదేసి ఎకరాలు, పాతిక మందికి రెండేసి ఎకరాలు, మొత్తం 150 ఎకరాలు. 35తో భాగిస్తే 4.3. ఎక్కడి 7.3, ఎక్కడి 4.3! కానీ గమనించండి, 3.9 రాలేదు. ఎందుకంటే 4.3 అనేది యార్డుకు వచ్చే 70 మంది సగటు. గుత్తకిచ్చిన 30 మంది ఇందులో ఇప్పటికీ లేరు.

ఒక జాగ్రత్త. సీజన్ మధ్యలో అడిగితే రైతు అప్పటిదాకా తెచ్చిన లోడ్లే చెబుతాడు. బరువుకి కావాల్సింది సీజన్ మొత్తం లెక్క. ఫోన్ నంబర్లున్నాయి కాబట్టి కాయ అయిపోయాక ఒకసారి చేసి ‘మొత్తం ఎన్ని లోడ్లయ్యాయన్నా’ అని అడిగి సరిచేసుకోండి. ఇంకోటి, ఈ బరువుల లెక్క అన్ని లోడ్లూ మీకు సమానంగా ఎదురైతేనే కుదురుతుంది. మీరు రోజూ తొమ్మిదికి వెళ్ళి పన్నెండుకి వచ్చేసి ఉంటే తెల్లవారుజామున దించి వెళ్ళినవాళ్ళు తగిలి ఉండరు. చెట్టుకింద తీరిగ్గా కూర్చున్నవాళ్ళని ఎక్కువగా పలకరించి ఉంటారు. అది సహజం, అందరం చేసేదే. దాన్ని లెక్క సరిదిద్దదు కాబట్టి మీరు ఏ వేళల్లో ఉన్నారో ప్రాజెక్టులో రాయండి.

గుత్తకిచ్చినవాళ్ళూ లెక్కలోకి రావాలంటే ఊళ్ళోకి వెళ్ళక తప్పదు. దానికి ముందు ఒక జాబితా కావాలి. రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు జాబితా ఉంటుంది. ఏ సర్వే నంబర్లో ఏ పంట, ఎంత విస్తీర్ణం, ఎవరి పేరు మీద నమోదైందో అందులో ఉంటుంది. మీ కాలేజీ లెటరు పట్టుకెళ్ళి మామిడి వరకు పేరూ విస్తీర్ణమూ అడగండి. ఫోన్ నంబర్లు, ఆధార్ మీకు అక్కర్లేదు, అడగొద్దు.

ఆ జాబితా చేతికి రాగానే చీటీలు తీసెయ్యకండి. అందులో ఒక ఉచ్చుంది. మూడు సర్వే నంబర్లలో తోటలున్న రైతు పేరు మూడుచోట్ల ఉంటుంది. వరసకొకటి చొప్పున చీటీలేస్తే ఆయనకి మూడు అవకాశాలు. యార్డులో వదిలించుకున్న జబ్బు జాబితాలో మళ్ళీ అంటుకుంటుంది. అందుకని ముందు ఒక రైతుకి ఒకే వరస ఉండేలా కలిపి, విస్తీర్ణాలు కూడండి. ఒకే పేరుతో ఇద్దరు సుబ్రమణ్యాలుంటే తండ్రి పేరుతో విడదీయండి. చనిపోయినవాళ్ళ పేర్లు, బెంగళూరులోనో చెన్నైలోనో స్థిరపడి పొలం మరొకరికి అప్పగించినవాళ్ళ పేర్లు కూడా తగులుతాయి. ఆ తోటను ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారో ఊళ్ళో కనుక్కుని ఆ మనిషిని అడగాలని ముందే నియమం పెట్టుకోండి. ఇంటింటికీ వెళ్ళాక అక్కడికక్కడ నియమాలు పుట్టించకూడదు.

నాలుగైదు పల్లెలు చాలు. ఆ పల్లెల్ని కూడా మండలంలోని మామిడి పల్లెలన్నిటి పేర్లూ రాసి చీటీ తీసి ఎంచుకోండి. మీ సొంత ఊరు రాకపోతే రాలేదు. బంధువులున్న ఊళ్ళయితే భోజనం దొరుకుతుంది, నిజమే గానీ అది మళ్ళీ కన్వీనియన్సే. మూడు వారాల్లో చీటీ తీసిన పల్లెలకు తిరగలేననిపిస్తే అందుబాటులో ఉన్న నాలుగు పల్లెల్లోనే చెయ్యండి. అప్పుడు శీర్షికలో మండలం అని కాక ఆ నాలుగు పల్లెల పేర్లు రాయండి. అందులో నామోషీ లేదు.

ఆ పల్లెల్లో కలిపి 600 మంది రైతులు తేలారనుకుందాం. మీరు 120 మందిని కలవగలరు. సింపుల్ ర్యాండమ్ అంటే ఈ 600 మందికీ సమానంగా ఐదింట ఒక వంతు అవకాశం. చీటీలు కలిపే ఓపిక లేకపోతే ఎక్సెల్‌లో పేర్ల పక్క గడిలో ఇది రాసి కిందిదాకా లాగండి:

```
=RAND()
```

తర్వాత ఆ అంకెల నిలువు వరస మొత్తాన్ని కాపీ చేసి విలువలుగా పేస్ట్ చెయ్యండి. లేదంటే షీటు ముట్టుకున్నప్పుడల్లా అంకెలు మారిపోతాయి. ఆ అంకెల ప్రకారం పేర్లను సర్దితే పైనున్న 120 మంది మీ శాంపిల్. 121 నుంచి 140 దాకా రిజర్వు. చాలామంది `=RANDBETWEEN(1,600)` వాడతారు, దానితో ఒకే నంబరు రెండుసార్లు రావచ్చు. అందుకే పైది మేలు.

ఇక స్ట్రాటిఫైడ్ ఎందుకంటే, ఈ 600 మందిలో ఐదెకరాలు దాటినవాళ్ళు 50 మందే ఉన్నారనుకోండి. ఐదింట ఒక వంతు తీస్తే వాళ్ళలో మీకు పడేది సుమారు 10 మంది. చీటీల వాలును బట్టి ఆరుగురే రావచ్చు, పద్నాలుగు మంది రావచ్చు. పెద్ద రైతులు గుజ్జు ఫ్యాక్టరీకి నేరుగా తోలుతున్నారా, చిన్న రైతులు మండీ మీదే ఆధారపడుతున్నారా అన్నది మీ అసలు ప్రశ్న అయితే పది మందితో ఏం చెప్పగలరు? కాబట్టి జాబితాను విస్తీర్ణాన్ని బట్టి ముందే మూడు కుప్పలు చేసి, ఒక్కో కుప్పలో విడివిడిగా చీటీలు తీస్తారు. రెండున్నర ఎకరాల లోపువాళ్ళు 400 మంది, ఐదెకరాల లోపువాళ్ళు 150 మంది, పైవాళ్ళు 50 మంది అనుకుందాం. నేనైతే వరసగా 60, 30, 30 తీస్తాను. ఒక్కో కుప్పలో ఆ తర్వాత వచ్చే కొన్ని పేర్లు ఆ కుప్పకి రిజర్వు. చిన్న కుప్ప నుంచి కావాలనే ఎక్కువ తీసుకుంటున్నాం. తప్పేం లేదు, అవకాశాలు సమానంగా ఉండాలని ఎవరూ అనలేదు, తెలిసి ఉండాలన్నారంతే.

విద్యార్థులు బోల్తా పడేది దీని తర్వాతే. నేరుగా ఫ్యాక్టరీకి అమ్మినవాళ్ళు మొదటి కుప్పలో 60కి 6, రెండో దాంట్లో 30కి 9, మూడో దాంట్లో 30కి 21 మంది వచ్చారనుకోండి. మొత్తం 120కి 36 మంది, అంటే 30 శాతం అని రాసేస్తారు. అది తప్పు. మొదటి కుప్పలో 10 శాతం కాబట్టి 400 మందిలో 40 మంది. రెండోదాంట్లో 30 శాతం, 150లో 45. మూడోదాంట్లో 70 శాతం, 50లో 35. కూడితే 600లో 120 మంది, అంటే 20 శాతమే. పెద్ద రైతుల్ని కావాలని ఎక్కువ తీశాం కాబట్టి కలిపేటప్పుడు వాళ్ళ బరువు తగ్గించాలి. ఈ పని మరిచిపోతే, ఇంత కష్టపడి చేసిన స్ట్రాటిఫైడ్ శాంపిల్ మీ యార్డు శాంపిల్ లాగే పెద్ద రైతుల వైపు వాలుతుంది. కుప్పల మధ్య పోలికకు మాత్రం బరువులతో పనిలేదు. 10, 30, 70 అని అలాగే చూపండి. మీ ప్రాజెక్టులో అందరూ చూసే పట్టిక అదే అవుతుంది.

ఊళ్ళోకి దిగాక తాళాల దగ్గర జాగ్రత్త. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మన జిల్లా పల్లెల్లోనే పాడి పశువుల మీద ఒక సర్వేకి వెళ్ళాను. జాబితా, చీటీలు అన్నీ పద్ధతిగా చేశాం. కానీ తాళం వేసిన ఇల్లు వస్తే పక్కింట్లో అడిగేసి ముందుకెళ్ళాం. సాయంత్రానికి ఫారాలు నిండాలి కదా. చివరికి చూస్తే దాదాపు ప్రతి ఇంట్లో ఆవో గేదో ఉన్నట్టు లెక్క తేలింది. నాతో వచ్చిన ఊరి పెద్దాయన నవ్వి, ‘ఆవున్న ఇంటికి ఎవురైనా తాళమేస్తారా నాయనా, మేతేసే మనిషి ఉండాల గదా’ అన్నాడు. తాళం ఉన్న ఇళ్ళవాళ్ళు పశువుల్లేక కూలికి పోయినవాళ్ళు. పక్కింటికి వెళ్ళిన ప్రతిసారీ పశువుల్లేని ఇంటిని తీసేసి పశువులున్న ఇంటిని పెట్టుకున్నాం. మళ్ళీ నెలరోజులు తిరిగాను.

కాబట్టి తాళం ఉంటే వేరే వేళల్లో ఇంకో రెండుసార్లు వెళ్ళండి, ఒకసారైనా పొద్దుగూకాక. అప్పటికీ దొరక్కపోతే పక్కింటికి కాక అదే కుప్పలో రిజర్వు పేర్లలో తర్వాతి వారింటికి వెళ్ళండి. దొరకనివాళ్ళు ఎందరో, ఏ కుప్పవాళ్ళో రాసి ఉంచండి. చిన్న కమతాల కుప్పలోనే ఎక్కువమంది దొరక్కపోతే మీ ఫలితం ఎటు వాలుతుందో చదివేవాళ్ళకి తెలుస్తుంది.

మరి యార్డులో నిలబడటం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. ప్రశ్నను బట్టి ఉంటుంది. ‘మా మండలం రైతులు’ అన్నది మీ ప్రశ్న కాబట్టి అది తప్పైంది. ‘ఈ యార్డుకొచ్చే సరుకుకి టన్నుకి ఎంత ధర పడుతోంది, తూకంలో ఎంత తరుగు తీస్తున్నారు’ అన్నది ప్రశ్న అయితే అక్కడ లెక్కపెట్టాల్సింది రైతుని కాదు, లోడుని. లోడ్లన్నీ గేటు దాటే వస్తాయి. ఒకటి నుంచి పది దాకా ఉన్న అంకెల్లో ఒకదానికి చీటీ తీసి, ఆ నంబరు ట్రాక్టరుతో మొదలుపెట్టి, అక్కడి నుంచి ప్రతి పదో ట్రాక్టరునీ ఆపి అడిగితే అది చక్కటి ర్యాండమ్ శాంపిలే. పది లోడ్ల రైతు పదిసార్లు లెక్కలోకి రావడం అక్కడ న్యాయం కూడా. మీరు అలా ట్రాక్టర్లను లెక్కపెట్టి ఆపలేదు కాబట్టి మీ ఫారాలకి ఆ పేరు పెట్టడానికి లేదు. అయినా ధర, తరుగు గురించిన జవాబులు వేరే అధ్యాయంగా, ‘యార్డులో కలిసిన రైతులు చెప్పినవి’ అన్న శీర్షికతో పెట్టుకోవచ్చు. శాతాలు వెయ్యకండి, వాళ్ళ మాటల్లో రాయండి. మిగతా విషయాలకు లోడ్ల బరువులేసిన అంకెను, ఊళ్ళలో మీరు కలిసే 120 మందిలో యార్డుకు తోలినవాళ్ళ అంకెతో పక్కపక్కన పెట్టి చూడండి. మీరు యార్డులో అడిగింది అన్ని వైపుల నుంచీ వచ్చిన రైతుల్ని కాబట్టి, ఈ పోలికకు మీ పల్లెల చుట్టుపక్కలవాళ్ళ ఫారాలు మాత్రమే వేరు చేసుకోండి. రెండూ దగ్గరగా వస్తే మీ యార్డు ఫారాలు నమ్మదగ్గవే. దూరంగా ఉంటే మీరు నిలబడ్డ వేళలోనో, పలకరించిన తీరులోనో ఎక్కడో వంకరుంది. అదీ రాయండి, మీ గైడ్ మొదట చదివే పేజీ అదే అవుతుంది.

మూడు వారాలంటారా, జాబితా సంపాదించి పేర్లు కలపడానికి నాలుగు రోజులు వేసుకోండి. తర్వాత రోజుకి పది ఇళ్ళు. సేవా కేంద్రానికి మాత్రం పొద్దున పది లోపే వెళ్ళండి. ఆ తర్వాత వాళ్ళు పొలాల మీదికి పోతే మళ్ళీ మధ్యాహ్నం దాకా దొరకరు.